వలస సొమ్ము: షోలాపూర్ సాలెవాడలు, గల్ఫ్ ఇళ్లు, రూపాయి మారకం

పని వెతుక్కుంటూ వేరే దేశానికి, లేదా వేరే నాణెం చెల్లే రాజ్యానికి వెళ్లినవాళ్లు అక్కడి సంపాదనలో మిగిల్చి ఇంటికి పంపే డబ్బే వలస సొమ్ము. ఈ డబ్బు ఇంటి ఖర్చుల్లో కరిగిపోతుందా, పెట్టుబడిగా నిలుస్తుందా అన్న చర్చలో సాధారణంగా కుటుంబాల పొదుపు బుద్ధినే తూకం వేస్తారు. తెలుగు నేతగాళ్ల చరిత్ర మాత్రం వేరే చోట వెతకమంటుంది. పనిచేసే చోటికి భార్యాపిల్లల్ని తీసుకెళ్లి అక్కడే స్థిరపడే వీలుందా లేదా అన్నదే ఆ డబ్బు ఏ ఊళ్లో ఏ రూపం తీసుకుంటుందో ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఇక రూపాయి మారకం విలువ మీద పడే ప్రభావమైతే, డబ్బు అందుకున్న ఇంటితో ఆగదు. ఆ డబ్బులో పైసా చూడని వాళ్లను కూడా తాకుతుంది. ఇంచుమించు ఒకే ప్రాంతపు కుటుంబాలు ఒక తరంలో షోలాపూర్‌కూ, మరో తరంలో గల్ఫ్‌కూ వెళ్లాయి కాబట్టి, ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం ఇక్కడుంది.

తెలంగాణ జిల్లాల పద్మశాలీలు షోలాపూర్‌కు పెద్ద సంఖ్యలో చేరింది పంతొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో, ఆ తర్వాతా. 1860లో బొంబాయి వైపు నుంచి రైలు షోలాపూర్ చేరింది. 1874లో వాడి–సికింద్రాబాదు మార్గం తెరిచారు. 1876–78 నాటి కరువు దక్కనును పీల్చేస్తున్న రోజుల్లోనే, 1877లో, షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు నడవడం మొదలైంది. మిల్లు నూలు చుట్టూ చేతిమగ్గాల కార్ఖానాలు పెరిగాయి. నూలు ఇచ్చి, మజూరీ కట్టి చీరలు నేయించే కార్ఖానాదారులు నేతగాళ్లకు ముందే బయానా ఇచ్చేవారు. అది తీరేదాకా నేతగాడు ఆ మగ్గం వదిలి కదలలేడు. అయితే అతను ఒంటరిగా రాలేదు. మగ్గం మీద పని అంటే ఇంటిల్లిపాదీ పని. నూలు తోడడం, కండెలు చుట్టడం ఆడవాళ్లూ పిల్లలూ చేసేవారు. తర్వాతి కాలంలో ఆడవాళ్లకు బీడీల పని దొరికింది. సాకర్ పేట, భద్రావతి పేట, దత్తనగర్ లాంటి తూర్పు పేటలు తెలుగు పేటలయ్యాయి. మార్కండేయ గుడి, కులసంఘం, బడి అన్నీ అక్కడే వెలిశాయి. సంసారం కదిలి వచ్చాక పుట్టిన ఊరికి వెళ్లేది ముసలి తల్లిదండ్రుల తిండికో, పెళ్లి ఖర్చుకో సరిపడే చిన్న మొత్తమే. మిగిలినదంతా పనిచేసే చోటే ఇల్లుగా, మగ్గంగా, కొందరికి కార్ఖానాగా మారింది. ఈ ధోరణి ఎంత లోతుగా వేళ్లూనిందో 2006లో తెలిసింది. బీడీ కార్మిక స్త్రీల కోసం కార్మిక నేత నరసయ్య ఆడం ఆధ్వర్యాన పట్టుపట్టి సాధించుకున్న 10,000 ఇళ్లు ఆ ఏడు కుంభారిలో వారి చేతికి వచ్చాయి. వాళ్ల తాతలు నిజాం రాజ్యం నుంచి వచ్చినా, ఇల్లు కావాలని అడిగింది షోలాపూర్ పక్కనే.

షోలాపూర్ విదేశమా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. కానీ రాజకీయంగా అది బొంబాయి ప్రెసిడెన్సీ, అంటే బ్రిటిష్ ఇండియా; కరీంనగర్, నల్లగొండ నిజాం ఏలుబడి. అంతకన్నా ముఖ్యం, రెండు చోట్లా చెల్లే రూపాయి ఒకటి కాదు. షోలాపూర్‌లో మజూరీ బ్రిటిష్ కల్దారు రూపాయల్లో, తెలంగాణ ఊళ్లో సంత నిజాం హాలీ సిక్కాలో. ఇరవయ్యో శతాబ్ది తొలి ఏళ్ల ద్రవ్య సంస్కరణల తర్వాత నిజాం ప్రభుత్వం మారకం రేటును పెద్దగా కదలనివ్వలేదు. దాదాపు 7 హాలీ సిక్కాలకు 6 కల్దార్లు అన్నదే చివరిదాకా నిలిచిన లెక్క. నేతగాడు 6 కల్దార్లు పంపితే ఇంట్లో 7 సిక్కాలు కావాలి, మధ్యలో షరాబు తీసుకునే బట్టా పోగా. ఇలా రేటును గట్టిగా పట్టి ఉంచిన రాజ్యంలో బయటి సొమ్ము ఎక్కువగా వచ్చినా మారకం రేటు కదలదు. ఒత్తిడి ఏమైనా ఉంటే ఊళ్లో ధరల మీద, ముఖ్యంగా బయటినుంచి తెచ్చుకోలేని భూమి మీద, కూలి మీద పడాలి. 1950లలో హాలీ సిక్కా చెలామణి ముగిసింది. దానితో షోలాపూర్ వలస ఆర్థిక లెక్కల్లో పూర్తిగా దేశంలోపలి వలస అయింది.

రెండో వలస 1973 తర్వాతిది. ఆ ఏడాది చివర చమురు ధర పీపా 3 డాలర్ల దగ్గర నుంచి కొద్ది నెలల్లో 12 డాలర్ల దాకా ఎగబాకింది. గల్ఫ్ దేశాలు రోడ్లు, ఓడరేవులు, ఇళ్లు కట్టే పనికి కూలీలను పిలిచాయి. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి సాలెలూ, రైతుకూలీలూ వెళ్లారు. ఇక్కడ షరతులు తలకిందులు. వీసా యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది. తక్కువ జీతగాడికి సంసారాన్ని తెచ్చుకునే అర్హత లేదు. లేబర్ క్యాంపులో మంచమే తప్ప ఇల్లు కొనుక్కునే మాట లేదు. ఎన్నేళ్లున్నా పౌరసత్వం రాదు. కాబట్టి మిగిలిన ప్రతి దిర్హమూ ఇంటిదారి పట్టక తప్పదు. షోలాపూర్ నేతగాడికన్నా గల్ఫ్ కూలీ కుటుంబాన్ని ఎక్కువగా ప్రేమించాడని కాదు. అతనికి రెండో దారి లేదు.

ఇలా వచ్చిన సొమ్ము తిండికీ బట్టకీ పోతోందని, దేశానికి మిగిలేది లేదని పాత విమర్శ. పైపైన చూస్తే అంకెలు ఆ మాటే అంటాయి. రిజర్వ్ బ్యాంకు 2016–17 సర్వే ప్రకారం దేశానికి వచ్చిన వలస సొమ్ములో 59 శాతం కుటుంబ పోషణకు, 20 శాతం బ్యాంకు డిపాజిట్లకు, 8 శాతం భూమి, వాటాల వంటి వాటికి వెళ్లింది. కానీ కుటుంబ ఖర్చు అన్న ఆ గంపగుత్త మాటలో ఏముందో ఒక ఉదాహరణ లెక్కతో చూడాలి. ఏజెంటుకు కట్టడానికి ఒకరు నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చారనుకుందాం. నెలకు 10,000 పంపితే ఇల్లు గడవడానికి 5,000, అప్పుకు 5,000. మొదటి నెల అప్పు సొమ్ములో 2,000 వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 3,000. ఈ లెక్కన అప్పు తీరడానికి 26 నెలలు పడుతుంది. గల్ఫ్‌లో మామూలు ఒప్పందం రెండేళ్లు. అంటే తొలి ఒప్పందం ముగిసేసరికి ఇంట్లో కొత్తగా నిలిచింది ఏమీ కనిపించదు. అయినా ఏడాదికి 24 శాతం తినే అప్పును తీర్చడం కన్నా లాభసాటి పెట్టుబడి ఆ ఇంటికి మరొకటి లేదు. పిల్లల ఫీజు, ఆసుపత్రి బిల్లు కూడా ఖాతాలో ఖర్చులే. వాటిని దుబారా అనడం అన్యాయం.

మరి అప్పు తీరాక కూడా ఇల్లు, బంగారం, ఎకరం భూమి తప్ప మగ్గాలు, పరిశ్రమలు ఎందుకు రావు? షోలాపూర్‌లో సాలె కుటుంబాలు మగ్గం వైపే పొదుపును మళ్లించాయి, ఎందుకంటే అక్కడ నూలు వ్యాపారి, రంగులవాడు, మగ్గం మరమ్మతు చేసే మేస్త్రీ, దుప్పట్లు కొనే దళారి ఒకే పేటలో ఉన్నారు. గల్ఫ్ నుంచి తిరిగి వచ్చినవాడి చేతిలో డబ్బు ఉన్నా చుట్టూ ఈ అల్లిక లేదు. మరమగ్గాల పట్టణం సిరిసిల్ల సైతం 2017 నుంచి బతుకమ్మ చీరల వంటి ప్రభుత్వ ఆర్డర్ల మీద చాలావరకు ఆధారపడింది. కొనేవాడు ఖాయంగా లేని చోట మగ్గం కొనడం కన్నా భూమి కొనడమే వివేకం. అందరూ అదే కొనడంతో భూమి ధర పెరుగుతుంది, బయటినుంచి సొమ్ము రాని పొరుగువాడికి ఆ ఎకరం దక్కదు. పెట్టుబడి లోటు డబ్బు పంపేవాడి తప్పు కాదు, ఊళ్లో ఆ డబ్బుకు పని చూపే వ్యవస్థ లేకపోవడం.

ఇక మారకం విలువ. దిర్హమో, రియాలో డాలరుగా మారి బ్యాంకుకు వస్తుంది, బ్యాంకు దాన్ని అమ్మి రూపాయలు ఇస్తుంది. మార్కెట్లో డాలర్లు పెరిగితే రూపాయి బలపడుతుంది. 2007లో డాలరు 44 రూపాయల దగ్గర మొదలై ఏడాది చివరికి 40 కిందికి దిగింది. షోలాపూర్ నుంచి టెర్రీ తువ్వాళ్లు ఎగుమతి చేసేవారి వైపు నుంచి ఊహించి చూద్దాం. 10,000 డాలర్ల ఆర్డరు ఒప్పుకున్నప్పుడు విలువ 4,40,000 రూపాయలు, ఖర్చు 4,15,000 అయితే మిగులు 25,000. డబ్బు చేతికొచ్చే వేళకు డాలరు 40 అయితే వచ్చేది 4,00,000, మిగులు పోయి 15,000 నష్టం. నూలు ధర కాస్త తగ్గి కొంత ఊరట దొరకవచ్చు. మజూరీ, కరెంటు బిల్లు మాత్రం తగ్గవు. ఆ నష్టం తర్వాతి ఆర్డరు వదులుకోవడంగా, మగ్గానికి తక్కువ పని దినాలుగా కార్మికుడి ఇంటికి చేరుతుంది. ఆ ఏడాది కేంద్రం జౌళి ఎగుమతిదారుల రుణాలపై వడ్డీ రాయితీ ఇవ్వాల్సి వచ్చింది. దిర్హం డాలరుకు 3.67 చొప్పున కట్టి ఉంది కాబట్టి గల్ఫ్ ఇంటికీ దెబ్బే: 1,000 దిర్హమ్‌లకు 12,000 రూపాయలు వచ్చేచోట 10,900 వస్తాయి.

2007లో రూపాయిని పైకి నెట్టింది ప్రధానంగా షేర్లలోకి, కంపెనీల అప్పులుగా వచ్చిన విదేశీ పెట్టుబడే కదా అంటే, నిజమే. వలస సొమ్ము మన స్థూల ఉత్పత్తిలో 3 శాతం చుట్టూనే ఉంటుంది. రిజర్వ్ బ్యాంకు డాలర్లు కొని రూపాయి ఎగబాకకుండా ఆపగలదు కూడా. కానీ విదేశీ పెట్టుబడి ఒక్కరోజులో వెనక్కి పోగలదు, కూలీ పంపిన సొమ్ము పోదు. ఏటా వస్తూ దిగుమతుల లోటును పూడుస్తుంది కాబట్టి, అది లేకపోతే రూపాయి ఎక్కడ ఉండేదో ఆ మట్టానికి ఎప్పుడూ కొంచెం పైనే నిలుపుతుంది. దాని బలం పూర్తిగా కనిపించేది నేపాల్‌లో. అక్కడ వలస సొమ్ము స్థూల ఉత్పత్తిలో సుమారు నాలుగో వంతు, నాణెం భారత రూపాయికి కట్టి ఉంది. రేటు కదలదు కాబట్టి కూలి, భూమి ధర పెరిగి, అక్కడ తయారైన సరుకు బయటి సరుకుతో పోటీపడలేకపోతుంది. హాలీ సిక్కా రోజుల్లో చిన్న మొత్తాల వల్ల తేలని ఒత్తిడి అక్కడ పెద్ద మొత్తాల వల్ల తేటతెల్లమైంది. మారకం రేటు కూడా వలస సొమ్మును మలుస్తుందని మరవకూడదు. 1991కి ముందు హవాలావాళ్లు అధికారిక రేటుకన్నా ఎక్కువ ఇచ్చేవారు, డబ్బు ఆ దారినే వచ్చేది. 1993లో మార్కెట్ రేటు ఒక్కటే అయ్యాక, 1990–91లో దాదాపు 2 బిలియన్ డాలర్లుగా నమోదైన మొత్తం 1996–97కి 12 బిలియన్లు దాటింది. కూలీలు ఆరింతలు కాలేదు. చాలావరకు దారి మారింది.

కాబట్టి వలస సొమ్ము అందుకునే రాష్ట్రాలు ఆ అంకెను చూసి సంతోషించి ఊరుకోకూడదు, ఆ సొమ్ము మగ్గం దాకా వెళ్లే దారి వేయాలి. షోలాపూర్ వంటి చోట రూపాయి బలపడ్డ నెలల్లో చిన్న ఎగుమతిదారులకు అప్పు అందాలి. అంకెలు చదివేటప్పుడూ జాగ్రత్త అవసరం. 2023–24 రిజర్వ్ బ్యాంకు సర్వేలో దేశానికి వచ్చిన వలస సొమ్ములో తెలంగాణ వాటా 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్ వాటా 4.4 శాతం. ఇదంతా గల్ఫ్ కూలీల సొమ్మే అనుకోకూడదు. అదే సర్వేలో దేశానికి ఎక్కువ సొమ్ము పంపింది ఎమిరేట్స్ కాదు, 27.7 శాతంతో అమెరికా.