జలవిరోధి అన్యోన్యచర్య క్రొమటోగ్రఫీ: చారిత్రక పరిణామం

గాఢమైన అమ్మోనియం సల్ఫేట్ ద్రావణంలో ప్రోటీన్లు అవక్షేపిస్తాయని మీకు తెలుసు. అవక్షేపానికి చాలనంత ఉప్పులో కూడా అవి అధిశోషకాలకు అంటుకుంటాయని స్వీడన్ శాస్త్రవేత్త టిసేలియస్ 1948లో చూపారు. నీటికి ఇమడని ప్రోటీన్ భాగాలను ఉప్పు అధిశోషకం వైపు నెడుతుంది.

1972లో ఇజ్రాయెల్‌లో షాల్టియెల్ బృందం అగరోజ్ జెల్‌కు వేర్వేరు పొడవుల హైడ్రోకార్బన్ గొలుసులు తగిలించి, గ్లైకోజెన్ ఫాస్ఫోరిలేజ్ బి ఎంజైముతో పరీక్షించింది. ఒక కార్బన్ గొలుసు దాన్ని పట్టుకోలేదు. మూడు కార్బన్లది ఆలస్యం చేసింది. నాలుగు కార్బన్లది పట్టుకుంది. ఆరు కార్బన్లది ఎంత గట్టిగా పట్టుకుందంటే, విడిపించడానికి ఆమ్లం వాడవలసి వచ్చింది.

ఈ జెళ్ల తయారీలో సయనోజన్ బ్రోమైడ్ వాడినందువల్ల వాటిపై ధనావేశాలు మిగిలాయి. ప్రోటీన్‌ను పట్టినది గొలుసా, ఆవేశమా అన్నది తేలలేదు. ఉప్సలలో యెర్టేన్ 1973లో ఈ పద్ధతికి నేటి పేరు పెట్టారు. మరుసటి ఏడు ఆయన బృందం ఆవేశం లేని జెళ్లను రూపొందించింది. వీటి పట్టు ప్రధానంగా ఉప్పు గాఢతపై ఆధారపడుతుంది. కాబట్టి ప్రోటీన్లను ఎక్కువ ఉప్పులో కాలమ్‌కు ఎక్కించి, ఉప్పును క్రమంగా తగ్గిస్తారు. జలవిరోధి స్వభావం తక్కువైన ప్రోటీన్ ముందుగా బయటకు వస్తుంది.

ఎక్కించకముందే ద్రావణం మసకబారితే ఉప్పు ఎక్కువైందని అర్థం. ఉప్పంతా తీసినా ప్రోటీన్ దిగకపోతే, షాల్టియెల్ ఆరు కార్బన్ల అనుభవాన్ని గుర్తుచేసుకుని, పట్టు తక్కువైన జెల్‌ను ఎంచుకోవాలి.