నికర వడ్డీ మార్జిన్ – మొండి బకాయిలు (ఆంధ్రా బ్యాంకు చరిత్ర ఆధారంగా)

బ్యాంకు అప్పుల మీద, ప్రభుత్వ బాండ్ల మీద వచ్చిన వడ్డీలోంచి డిపాజిట్లకు, తెచ్చుకున్న ఇతర నిధులకు కట్టిన వడ్డీ తీసేస్తే మిగిలేది నికర వడ్డీ ఆదాయం. వడ్డీ తెచ్చిపెట్టే ఆస్తుల సగటు విలువలో అది ఎంత శాతమో చెప్పేదే నికర వడ్డీ మార్జిన్. తిరిగి రాని అప్పు మొండి బకాయి; బ్యాంకు భాషలో ఎన్‌పీఏ. షేర్లు కొనడం కొత్తగా మొదలుపెట్టినవారు సాధారణంగా మొదటి అంకె చూసి మురిసిపోతారు. రెండో అంకె ఒకటి రెండేళ్లు ఆలస్యంగా వచ్చి, మొదటిదాన్ని తినేస్తుంది. తెలుగువారికి ఇది బాగా తెలిసేది కృష్ణా జిల్లాలో పుట్టిన ఆంధ్రా బ్యాంకు లెక్కల్లో.

ముందు ఒక ఊహాలెక్క చూద్దాం. బ్యాంకు దగ్గర 100 రూపాయల ఆస్తి ఉందనుకోండి. అందులో 75 రూపాయలు 10 శాతం వడ్డీకి అప్పులిచ్చింది, 25 రూపాయలు 7 శాతం బాండ్లలో పెట్టింది. వచ్చే వడ్డీ 9 రూపాయల 25 పైసలు. డిపాజిట్లకు 6 రూపాయల 25 పైసలు కట్టింది. మిగిలింది 3 రూపాయలు, అంటే మార్జిన్ 3 శాతం. కమీషన్లు, లాకర్ అద్దెలు వగైరా మరో రూపాయి. జీతాలు, అద్దెలు, కరెంటు కలిపి 2 రూపాయల ఖర్చు. నిర్వహణ లాభం 2 రూపాయలు.

ఇప్పుడు ఆ 75లో 4 రూపాయల అప్పు మొండి పడింది. దాని మీద రావలసిన 40 పైసల వడ్డీ పోయింది. అసలుకు పూచీ ఉన్నా మొదటి ఏడాది 15 శాతం, అంటే 60 పైసలు, లాభంలోంచి తీసి పక్కన పెట్టాలి. దీన్నే కేటాయింపు అంటారు. మార్జిన్ 2.60 శాతానికే తగ్గింది, లాభం మాత్రం సగమైంది. రెండో ఏడు తనఖా ఆస్తి విలువ కట్టిస్తే 2 రూపాయలే తేలిందనుకుందాం. పూచీ ఉన్న 2 రూపాయలకు 25 శాతం, పూచీ లేని 2 రూపాయలకు నూరు శాతం కేటాయించాలి. మొత్తం 2.50లో 60 పైసలు నిరుడే పెట్టారు కాబట్టి ఈ ఏడాది 1.90 పడుతుంది. వడ్డీ 40 పైసలు ఈసారీ రాదు. 2 రూపాయల లాభం 30 పైసల నష్టమైంది. మార్జిన్ చూస్తే నిరుడు ఉన్న 2.60 దగ్గరే కూర్చుంది. కొత్తవారు మోసపోయేది ఇక్కడే.

అప్పు మొండిదని ఎప్పుడు తేల్చాలన్నది ఈ చరిత్రలో అసలు మలుపు. 1991 నాటి నరసింహం కమిటీ సిఫార్సులకు ముందు, చేతికి రాని వడ్డీని కూడా ఆదాయంగా రాసుకునే వీలుండేది. 1992–93 నుంచి రిజర్వు బ్యాంకు ఆ తలుపు మూయడం మొదలుపెట్టింది. 2004 మార్చి నాటికి కిస్తీ గాని వడ్డీ గాని 90 రోజులకు మించి బకాయి పడితే ఎన్‌పీఏ అన్న గడువు వచ్చింది. మొండిదని తేలిన రోజున, అంతకుముందు ఆదాయంలో కలిపేసుకున్న, చేతికి రాని వడ్డీని కూడా వెనక్కి తీయాలి.

పంట అప్పుకు ఈ 90 రోజుల లెక్క వర్తించదు. జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో మిర్చి, పత్తి వేసే రైతుకు నెలనెలా కిస్తీ అంటే అర్థం లేదు. స్వల్పకాలిక పంటకు రెండు పంట కాలాలు బకాయి పడితేనే అప్పు ఎన్‌పీఏ అవుతుంది. మిర్చి కోతలు వేసవి దాకా సాగుతాయి. ధర లేకపోతే కాయ కోల్డ్ స్టోరేజీకి వెళ్తుంది, డబ్బు చేతికి రాదు. అంచేత మెట్ట ప్రాంతపు బ్రాంచిలో ఈ ఏడాది నష్టం ఈ ఏడాది పుస్తకంలో కనబడదు. దానికి తోడు అప్పు తిరగరాయడం ఒకటుంది: రైతు రెండు మూడు రోజులకు బయట చేబదులు తెచ్చి పాత బాకీ కట్టేస్తాడు, అదే వారంలో కొత్త అప్పు తీసుకుని ఆ చేబదులు తీర్చేస్తాడు. పుస్తకంలో ఖాతా నిక్షేపంగా ఉంటుంది. పెద్ద కంపెనీల విషయంలోనూ ఇదే పని జరిగేది, కాకపోతే కోట్లలో, ‘పునర్వ్యవస్థీకరణ’ అన్న గౌరవప్రదమైన పేరుతో.

భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923 నవంబరులో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయం అయింది. 2011–12లో సుమారు 1,345 కోట్ల నికర లాభం చూపింది. మార్జిన్ 3 శాతానికి పైనే ఉండేది. ఆ మార్జిన్ ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న అప్పట్లో వేసినవారు తక్కువ. విద్యుత్తు, ఉక్కు, రోడ్ల వంటి రంగాల అప్పులకు రాబడి బాగుంటుంది. ప్రాజెక్టు ఆగిపోతే మాత్రం అసలుతో సహా ఇరుక్కుంటుంది. 2013–14లో లాభం 436 కోట్లకు జారింది. 2014 ఎన్నికల్లో రుణమాఫీ హామీ రావడంతో పంట అప్పుల వసూళ్లు మందగించాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కుటుంబానికి లక్షన్నర వరకు మాఫీ ప్రకటించి, సొమ్మును విడతలవారీగా ఇచ్చింది. ఊళ్లలో నింద రైతు మీదకే పోయింది గాని, ఈ బ్యాంకు నడుం విరిచింది పెద్ద ఖాతాలే.

2015లో రఘురామ్ రాజన్ గవర్నరుగా ఉండగా రిజర్వు బ్యాంకు ఆస్తుల నాణ్యతా సమీక్ష చేపట్టింది. తిరగరాసిన అప్పులను ఉన్నదున్నట్టు మొండివిగా చూపించమంది. దాంతో ఆంధ్రా బ్యాంకు మొండి బకాయిలు బయటపడ్డాయి: స్థూల ఎన్‌పీఏ 2015 మార్చిలో 5.31 శాతం, 2016లో 8.39, 2017లో 12.25, 2018లో 17.09. స్టెర్లింగ్ బయోటెక్ అనే గుజరాత్ కంపెనీకి అప్పిచ్చిన బ్యాంకుల కూటమికి నాయకత్వం ఆంధ్రా బ్యాంకుదే. 2017 అక్టోబరులో ఆ కంపెనీ మీద సీబీఐ కేసు పెట్టింది.

2017–18 లెక్క ఒక్కటే చదివినా సరిపోతుంది. మార్జిన్ 3 శాతం దరిదాపుల్లోనే నిలబడింది. నిర్వహణ లాభం సుమారు 5 వేల కోట్లు. కేటాయింపులు దాన్ని మింగేసి, 3,413 కోట్ల నికర నష్టం మిగిల్చాయి. స్థూల మొండి బకాయిలు సుమారు 28,100 కోట్లు, కేటాయింపులు పోను నికరంగా 12,600 కోట్లు. అంటే మునిగిన ప్రతి 100 రూపాయల్లో 55కే బ్యాంకు అప్పటికి సిద్ధపడింది. మిగతా 45లో ఎంత వసూలవుతుందో తేలకపోతే, అది రాబోయే ఏళ్ల లాభం మీద పడే బరువు. అందుకే స్థూల శాతం ఒక్కటే కాదు, నికర శాతం కూడా చూడాలి. ఆ ఏడాది అది 8.48.

మరుసటి ఏడు మళ్లీ 2,786 కోట్ల నష్టం వచ్చింది. స్థూల ఎన్‌పీఏ పెద్దగా కదలలేదు, 16.21 దగ్గర ఆగింది. నికర ఎన్‌పీఏ మాత్రం 5.73కు దిగింది. అంటే ఆ నష్టంలో చాలా భాగం పాత గోతులు పూడ్చడానికి పోయింది. నష్టం వచ్చిన ఏడాదే పుస్తకం కాస్త శుభ్రపడింది. 2011–12 లాభం కన్నా ఈ నష్టమే నిజాయతీ గల అంకె అని నా అభిప్రాయం. అలాగని వాటాదారుకు దక్కిందేమీ లేదు. నష్టాలతో తరిగిన మూలధనాన్ని ప్రభుత్వం కొత్త డబ్బుతో నింపింది, అందుకు కొత్త షేర్లు తీసుకుంది, పాతవారి వాటా పలచబడింది.

త్రైమాసిక ఫలితాలు చేతికొచ్చినప్పుడు ఈ కథ ఏ వరసలో చదవాలో చెబుతుంది. మార్జిన్ పెరిగితే కారణం వెతకాలి. కరెంటు, సేవింగ్స్ ఖాతాల చౌక డిపాజిట్లు పెరిగి వచ్చిందా, పూచీ లేని అప్పులు అధిక వడ్డీకి ఇవ్వడం వల్ల వచ్చిందా, పాత మొండి ఖాతా ఒకటి వసూలై ఆ వడ్డీ ఒక్కసారిగా కలిసిందా? మూడోది మళ్లీ రాదు. తర్వాత ఆ మూడు నెలల్లో కొత్తగా మొండి పడిన అప్పెంతో చూడాలి. అప్పులు జోరుగా ఇచ్చే బ్యాంకులో ఎన్‌పీఏ శాతం తగ్గినట్టు కనిపిస్తుంది. కొత్త అప్పు మొండి పడడానికి ఇంకా సమయం కాలేదు, హారం మాత్రం పెరిగింది. రద్దు చేసిన అప్పులు కూడా స్థూల ఎన్‌పీఏలోంచి మాయమవుతాయి. కాబట్టి తగ్గుదల వసూలు వల్లనా, రద్దు వల్లనా అన్నది వేరుగా చూడాలి.

2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకుతో పాటు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. 1,000 ఆంధ్రా బ్యాంకు షేర్లున్నవారికి 325 యూనియన్ బ్యాంకు షేర్లు వచ్చాయి.