ఎదురు ఫొటో నుంచి పక్క ముఖం

ఎదురుగా తీసిన ఒకే ఫొటోను చూసి, ఆ మనిషి పూర్తిగా పక్కకు తిరిగితే (ప్రొఫైల్), లేదా సుమారు 45 డిగ్రీలు తిరిగితే (త్రీ క్వార్టర్) ముఖం ఎలా ఉంటుందో కంప్యూటర్ ఊహించి బొమ్మగా చూపే పద్ధతి ఇది. ఫొటోలో ముఖం ఎత్తు, వెడల్పు ఉంటాయి గానీ లోతు ఉండదు. నీడలు కొంత ఆచూకీ ఇస్తాయి, మిగిలినదంతా అంచనాయే.

పనితీరు

1999లో ఫోల్కర్ బ్లాంజ్, థామస్ వెట్టర్ ఈ రంగానికి పునాది వేశారు. లేజర్‌తో స్కాన్ చేసిన 200 తలల నుంచి సగటు ముఖాన్ని, దాని నుంచి ముఖాలు ఎన్ని రకాలుగా మారతాయో లెక్కగట్టారు. కొత్త ఫొటో ఇస్తే, దానితో సరిపోలేదాకా ఆ నమూనా ముఖాన్ని సవరిస్తూ పోయి, చివరికి దాన్ని పక్కకు తిప్పుతారు. ఇప్పటి న్యూరల్ నెట్‌వర్క్‌లు వేల ఫొటోల నుంచి నేర్చుకుంటాయి. ఆధారం దొరకని చోట రెండూ తాము ఎక్కువగా చూసిన ముఖాల వైపే మొగ్గుతాయి.

ముక్కు లోతులో పొరపాటు

ఒకరి ముక్కు కొన చెంపల కంటే 2.5 సెంటీమీటర్లు ముందుకు ఉందనుకుందాం. కంప్యూటర్ దాన్ని 2 సెంటీమీటర్లుగా అంచనా వేసింది. ఎదురు ఫొటోలో ఈ తేడా దాదాపు కనిపించదు. ముఖాన్ని 20 డిగ్రీలు తిప్పితే కొన ఉండాల్సిన చోటు నుంచి సుమారు 1.7 మిల్లీమీటర్లు తప్పుతుంది. 45 డిగ్రీల దగ్గర 3.5, పూర్తి పక్కవాటులో 5 మిల్లీమీటర్లు. తిప్పే కొద్దీ తప్పు బయటపడుతుంది. గడ్డం, నుదురు విషయంలోనూ ఇంతే.

కెమెరా దూరం కూడా మోసం చేస్తుంది. చెంపలకు 30 సెంటీమీటర్ల దూరం నుంచి సెల్ఫీ తీస్తే అదే ముక్కు కొన చెంపలతో పోలిస్తే 9 శాతం పెద్దదిగా పడుతుంది. మీటరున్నర నుంచి తీస్తే ఆ తేడా 2 శాతం కూడా ఉండదు. దూరం తెలియని కంప్యూటర్ సెల్ఫీని మామూలు ఫొటో అనుకుంటే, లేని వెడల్పును ముక్కుకు అంటగడుతుంది.

కనిపించని భాగాలు

జుట్టు కప్పిన చెవి, తల వెనుక భాగం, వెనక్కి వేసుకున్న జడ ఫొటోలో ఉండవు. అవి పూర్తిగా కల్పితాలు. ముఖం కాస్త తిరిగి ఉంటే, కనిపించని వైపును రెండో వైపు చూసి నింపే పద్ధతుల్లో ఎడమ ముక్కుపుడక కుడివైపునా మొలవవచ్చు, ఒక చెంప మీది పుట్టుమచ్చ రెండో చెంప మీదికీ రావచ్చు. కళ్లజోడు కాడలు చెవి దాకా చేరకుండా చర్మంలో కలిసిపోవడం మరో లోపం.

సరిచూసే తీరు

తయారైన బొమ్మను మళ్లీ ఎదురుగా తిప్పి మూల ఫొటోతో పోల్చడం చాలదు; లోతు తప్పినా ఆ పరీక్షలో నెగ్గుతుంది. అదే మనిషిని పక్క నుంచి తీసిన అసలు ఫొటోతో ముక్కు, పెదవులు, గడ్డం గీతను పోల్చాలి. అలాంటి ఫొటో లేనప్పుడు ఈ బొమ్మను ఒక మనిషిని గుర్తుపట్టడానికి సాక్ష్యంగా వాడకూడదు.