దారి తప్పిన ధార: పెల్టన్ చక్రం పుట్టుపూర్వోత్తరాలు

జేఎన్‌టీయూ ఫ్లూయిడ్ మెకానిక్స్ ల్యాబ్‌లో ఇంజినీరింగ్ విద్యార్థులు చేసే ప్రయోగాల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి, నీటి ధార పలకను తాకినప్పుడు ఎంత బలం పుడుతుందో కొలవడం. రెండోది, పెల్టన్ చక్రం పనితీరు పరీక్ష. చాలామంది వీటిని వేర్వేరు ప్రయోగాలుగా చేసి, వేర్వేరు పేజీల్లో రికార్డు రాసేస్తారు. కానీ మొదటిదాంట్లో కనిపించే చిన్న తేడాలోంచే రెండోది పుట్టింది. చదునైన పలకను తాకిన నీరు పక్కలకు చిమ్మిపోతుంది. అదే ధారను అర్ధగోళం లాంటి గుంటలోకి కొడితే నీరు వెనక్కి తిరిగి వస్తుంది, బలం దాదాపు రెట్టింపవుతుంది. ఈ రెట్టింపును తిరిగే చక్రం మీదికి తేవడం ఎలాగన్నదే పెల్టన్ చక్రం కథ.

లెస్టర్ అలెన్ పెల్టన్ 1829లో ఒహాయోలో పుట్టాడు. బంగారం కోసం జనం కాలిఫోర్నియాకు ఎగబడుతున్న రోజుల్లో, 1850లో, తనూ వెళ్లాడు. బంగారం అతని చేతికి పెద్దగా చిక్కలేదు. కాంప్టన్‌విల్ ప్రాంతంలో వడ్రంగిగా, మిల్లు యంత్రాలు బిగించే పనివాడిగా స్థిరపడ్డాడు. అప్పటికి గనుల వాళ్లకు నీటి ధార కొత్తేమీ కాదు. కొండ మీది కాలువల నుంచి ఇనుప గొట్టాల్లో నీటిని దించి, ఆ ధారతో కొండవాలును కోసి బంగారం ఏరేవాళ్లు. రాయిని పొడి చేసే మిల్లులకు, గనిలో నీరు తోడే పంపులకు మాత్రం శక్తి కావాలి. ఆవిరి యంత్రాలు పెడితే చుట్టుపక్కల అడవి అంతా బాయిలర్‌లోకి పోతోంది. అందుకని అదే ధారను చక్రం మీదికి మళ్లించారు. చక్రం అంచున వరసగా చదునైన చెక్కలు బిగిస్తే చాలు, అది తిరిగేది. దాన్ని అక్కడివాళ్లు హర్డీ గర్డీ అనేవారు.

అది తిరిగేది, కానీ ధారలోని శక్తిలో సగానికి మించి వృథా అయ్యేది. అది చెక్కలు నాసిగా ఉన్నందువల్ల కాదు. ధార వేగం v, చెక్క వేగం u అనుకుందాం. చెక్క కదలకుండా నిలబడితే బలం గట్టిగా ఉంటుంది కానీ పని జరగదు. ధార వేగంతోనే పరిగెత్తితే నీరు దాన్ని నెట్టనే లేదు. రెండింటి నడుమ, చెక్క ధార వేగంలో సగం వేగంతో కదిలినప్పుడు, పని గరిష్ఠం. అప్పుడు కూడా చదునైన చెక్క నుంచి పక్కలకు పోయే నీరు సగం శక్తిని వెంట తీసుకుపోతుంది. అంటే లెక్క ప్రకారమే 50 శాతం పైకప్పు. ఎంత నున్నగా చెక్కినా ఆ పైకప్పు లేవదు.

చెక్కల స్థానంలో గిన్నెలు బిగించి చూసినవాళ్లూ ఉన్నారు. గిన్నె నడిమధ్యకు ధార కొడితే మరో చిక్కు వచ్చింది. లోపలికి వెళ్లిన నీరు వచ్చిన దారినే బయటికి రావాలి. వెనుదిరిగే నీరు, లోపలికి వచ్చే ధార ఒకదాన్నొకటి ఢీకొంటాయి.

1870ల చివర పెల్టన్ చూసిందని చెప్పుకునే సంఘటన ఇక్కడే వస్తుంది. ఒక గిన్నెల చక్రం ఇరుసు మీద బిగువు వదిలి కాస్త పక్కకు జరిగింది. ధార గిన్నె మధ్యకు కాకుండా అంచుకు తగలసాగింది. దెబ్బ సరిగ్గా పడటం లేదు కాబట్టి చక్రం నెమ్మదించాలి. కానీ అది వేగం పుంజుకుంది. నీరు ఒక అంచున లోపలికి జారి, గిన్నె అడుగును చుట్టి, రెండో అంచున బయటికి పోతోంది. వచ్చే నీటికీ పోయే నీటికీ దారులు వేరయ్యాయి. ఈ కథ రకరకాలుగా వినిపిస్తుంది, కానీ అందులోని యంత్రశాస్త్రం మాత్రం నిక్కం.

అయితే ధారను ఒక అంచుకే కొడితే చక్రం పక్కకు తోసుకుపోతుంది, బేరింగు అరుగుతుంది. పెల్టన్ గొప్పతనం దీని పరిష్కారంలో ఉందని నా అభిప్రాయం. పక్కపక్కన అతికించిన రెండు దొప్పల్లా బకెట్‌ను చేసి, నడుమ కత్తి అంచులాంటి గట్టు నిలిపాడు. ధార సరిగ్గా ఆ గట్టు మీద పడి రెండుగా చీలుతుంది. సగం ఎడమ దొప్పలో, సగం కుడి దొప్పలో తిరిగి బయటి అంచుల నుంచి వెళ్లిపోతుంది. పక్కతోపులు రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. దీనికి 1880 అక్టోబరు 26న పేటెంట్ వచ్చింది. 1883లో గ్రాస్ వ్యాలీలోని ఐడహో గని యాజమాన్యం పోటీ చక్రాలన్నిటినీ పరీక్షకు పెట్టింది. పెల్టన్ చక్రం 90.2 శాతం దక్షత చూపింది. దాని తర్వాత నిలిచిన చక్రానిది 76.5.

చదును చెక్కకూ చీలిక బకెట్‌కూ తేడాను ఒక్క సూత్రం చెబుతుంది. x అంటే u/v, φ అంటే బయటికి పోయే నీరు వెనుదిశకు ఎంత వాలుగా ఉందో ఆ కోణం, k అంటే బకెట్ గోడ మీద రాపిడి తర్వాత మిగిలే వేగం వంతు.

`η = 2x(1 − x)(1 + k·cos φ)`

చదును చెక్కకు చివరి కుండలీకరణం 1 మాత్రమే. అందుకే 50 శాతం. నీరు పూర్తిగా వెనక్కి తిరిగి, రాపిడి లేకపోతే అది 2 అవుతుంది. కానీ పూర్తిగా వెనక్కి తిప్పితే ఆ నీరు వెనకే వస్తున్న బకెట్ వీపున తగులుతుంది. అందుకే 165 డిగ్రీల దాకా తిప్పి, 15 డిగ్రీలు పక్కకు వదులుతారు. k 0.9 అనుకుంటే లెక్క 93 శాతం దగ్గర ఆగుతుంది. 15 డిగ్రీల వల్ల పోయేది రెండు శాతం లోపే. గోడ రాపిడి వల్ల పోయేది అంతకంటే చాలా ఎక్కువ. త్రీడీ ప్రింటర్‌లో బకెట్లు చేసుకునే విద్యార్థులు దీన్ని గుర్తుంచుకోవాలి. కోణం సరిచేయడానికి రోజులు పెట్టే బదులు పొరల గీతలు పోయేలా గరుకు కాగితంతో రుద్దడమే మేలు.

పెల్టన్ తర్వాత బకెట్‌కు వచ్చిన పెద్ద మార్పు 1890ల్లో డోబుల్ అనే ఇంజినీరుది. దొప్పలను అండాకారంగా మలిచి, బయటి అంచున మధ్యలో ఒక గంటు కోశాడు. ధార ఒక బకెట్ మీద పనిచేస్తుండగానే తర్వాతి బకెట్ పెదవి ధారకు అడ్డం వస్తుంది. గంటు లేకపోతే ఆ పెదవి ధారను నరికి చెల్లాచెదురు చేస్తుంది. గంటు ఉంటే బకెట్ దాని సందులోంచి ధారను పోనిచ్చి, గట్టు సరైన చోటికి వచ్చాకే నీటిని అందుకుంటుంది. నమూనా చక్రంలో గంటు ఉన్న బకెట్లనూ లేనివాటినీ మార్చి చూస్తే ఈ తేడా పారదర్శక మూత గుండా కంటికే కనిపిస్తుంది.

ఇక నమూనాలోకి వద్దాం. పంపు నాజిల్ దగ్గర 20 మీటర్ల హెడ్ ఇస్తోందనుకుందాం. నాజిల్ వ్యాసం 10 మిల్లీమీటర్లు, ధార మధ్య నుంచి ధార మధ్యకు చక్రం వ్యాసం 150. నాజిల్‌లో కొద్దిగా పోయేది పోగా ధార వేగం సెకనుకు 19.4 మీటర్లు వస్తుంది, ప్రవాహం 1.52 లీటర్లు. 50 లీటర్ల డ్రమ్ము 33 సెకన్లలో నిండుతుంది. ప్రవాహాన్ని కొలవడానికి ఇంతకంటే నమ్మకమైన పద్ధతి అక్కర్లేదు. నీటిలోని శక్తి 299 వాట్లు. బకెట్ వేగం ధారలో 0.46 వంతు అయితే చక్రం నిమిషానికి 1137 సార్లు తిరుగుతుంది.

ఇరుసు మీది శక్తిని తాడు బ్రేకుతో కొలుస్తారు. ఇరుసుకు బిగించిన బ్రేకు డ్రమ్ముకు తాడు చుట్టి, రెండు చివరల స్ప్రింగు త్రాసుల తేడాను వ్యాసార్థంతో గుణిస్తే టార్క్ వస్తుంది. చాలామంది ఇక్కడ డ్రమ్ము వ్యాసార్థాన్నే తీసుకుంటారు. 50 మిల్లీమీటర్ల వ్యాసార్థం ఉన్న డ్రమ్ముకు 6 మిల్లీమీటర్ల తాడు చుడితే బలం పనిచేసేది తాడు నడిమి గీత మీద, అంటే 53 దగ్గర. త్రాసుల తేడా 30 న్యూటన్లయితే సరైన దక్షత 63 శాతం, తాడు మందం మరిస్తే 60 లోపు. బకెట్ ఆకారం వల్ల వచ్చే తేడా కూడా ఒక్కోసారి అంతే ఉంటుంది, కాబట్టి ఈ పొరపాటు మొత్తం పోలికను మింగేయగలదు. తాడు వేడెక్కితే పట్టు మారుతుంది, డ్రమ్ము మీద నీళ్లు చుక్కలుగా పడనివ్వాలి.

బకెట్లను పోల్చేటప్పుడు ప్రవాహం, హెడ్ కదలకుండా ఉంచి లోడు మాత్రమే మార్చాలి. వేగానికి టార్క్ గీస్తే దాదాపు సరళరేఖ రావాలి, శక్తి గీస్తే దిబ్బలాంటి వక్రం. ఆ దిబ్బ శిఖరం x 0.45 నుంచి 0.48 మధ్య లేకపోతే కొలతలను అనుమానించాలి. కేసింగ్ లోపల పోయే నీరు కూడా మంచి సాక్షి. సరైన వేగంలో నీరు బలమంతా ఇచ్చేసి పక్కల నుంచి నిదానంగా జారిపోతుంది. చక్రం మరీ నెమ్మదిగా ఉంటే నీరు నాజిల్ వైపు వెనక్కి చిమ్ముతుంది. మరీ వేగంగా ఉంటే చక్రంతోపాటు ముందుకు విసురుకుపోతుంది. ఒక పక్క కేసింగే ఎక్కువ తడుస్తుంటే ధార గట్టు మీద లేదన్నమాట.

నాజిల్ ప్రవాహం ప్రభావాన్ని కొలిచేటప్పుడే ఎక్కువ రికార్డులు చెడిపోతాయి. ప్రవాహాన్ని తగ్గించడానికి గొట్టంలో ముందున్న వాల్వును మూయడం సులువు. కానీ నాజిల్ నోరు అలాగే ఉంటుంది కాబట్టి, ప్రవాహం సగమైతే ధార వేగమూ సగమవుతుంది, నాజిల్ దగ్గర హెడ్ 20 నుంచి 5 మీటర్లకు పడిపోతుంది. అందుబాటులో ఉన్న శక్తి 37 వాట్లు మాత్రమే. బ్రేకును సర్ది పాత 1137 వేగాన్నే పట్టుకుంటే x 0.92 అవుతుంది, చక్రం పని దాదాపు శూన్యం. పైగా పంపు దగ్గరి గేజీ చూసి 20 మీటర్లనే లెక్కిస్తే దక్షత అసలుకు నాలుగో వంతుగా కనిపిస్తుంది. ఆ గ్రాఫు చూసి చక్రం తక్కువ ప్రవాహంలో పనికిరాదని రాసేస్తారు. నిజానికి పనికిరానిది కొలిచిన పద్ధతి.

నాజిల్ లోపల ముందుకూ వెనక్కూ జరిగే సూది అయితే ధార సన్నబడుతుంది గానీ వేగం దాదాపు తగ్గదు. అప్పుడు సగం ప్రవాహానికి 150 వాట్లు దొరుకుతాయి. బకెట్లు నీటిలోంచి 70 శాతం లాగుతాయనీ, బేరింగు రాపిడి, గాలి కలిసి 20 వాట్లు తింటాయనీ అనుకుందాం. నిండు ప్రవాహంలో దక్షత 63 శాతం, సగంలో 57, పావు వంతులో 43. బకెట్ అదే, నీటిని తిప్పడమూ అంతే. ఎప్పుడూ ఒకేలా ఉండే ఆ 20 వాట్లే చిన్న ప్రవాహంలో పెద్ద భారమవుతాయి. పెద్ద విద్యుత్ కేంద్రాల్లో ఆ వంతు చాలా చిన్నది కాబట్టే అక్కడి పెల్టన్ చక్రాల వక్రం చాలా దూరం చదునుగా సాగుతుంది. ల్యాబ్ చక్రానికి ఆ చదును రాకపోతే అది తప్పుగా చేసిన ప్రయోగం కాదు.

పెద్ద ధార వైపు హద్దు బకెట్ వెడల్పులో ఉంది. బకెట్ వెడల్పు ధార వ్యాసానికి మూడు రెట్లకు తగ్గకూడదు. 10 మిల్లీమీటర్ల ధారకు 30 మిల్లీమీటర్ల బకెట్లు చేసి, తర్వాత 14 నాజిల్ పెడితే నీరు రెట్టింపవుతుంది, కానీ దొప్పల్లో తిరగడానికి చోటు చాలక అంచుల మీదుగా పొర్లిపోతుంది. ఇరుసు మీద శక్తి పెరుగుతుంది, దక్షత తగ్గుతుంది. అందుకే రికార్డులో ఈ రెంటినీ వేర్వేరు గీతలుగా గీయాలి, ప్రతి బిందువు పక్కన నాజిల్ దగ్గర చదివిన హెడ్ రాయాలి.