అమ్మమ్మ క్యాలెండర్‌లో గ్యాస్ బండ: బుకింగ్ తేదీల వెనక ఉన్న చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక గోడ క్యాలెండర్ ఉంది. నిజానికి ఒకటి కాదు, పదిహేడు.

మొన్న కాచిగూడలో మా అమ్మమ్మ వాళ్ల పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ఒక కట్ట దొరికింది. సుతిలి తాడుతో గట్టిగా కట్టి ఉంది. విప్పి చూస్తే పాత తెలుగు క్యాలెండర్లు. తిథులు, వర్జ్యాలు, రాహుకాలాలు అన్నీ మామూలే. కానీ ప్రతి నెలన్నరకి ఒకసారి ఏదో ఒక తేదీ చుట్టూ నీలం ఇంకుతో సున్నా, పక్కన చిన్నగా "బండ" అని రాసి ఉంది. కొన్నిచోట్ల సున్నాకి ముందు ఒక టిక్కు కూడా. టిక్కు అంటే ఫోన్ చేసి రాయించిన రోజు, సున్నా అంటే కొత్త బండ పెట్టిన రోజు. మనం ఇవాళ ఫోన్‌లో పెట్టుకునే రిమైండర్ ఉంది చూడండి, అది ఇదే.

నాకు వచ్చిన మొదటి డౌట్ ఏంటంటే, అంతకుముందు వాళ్లకి ఈ సున్నా ఎందుకు అవసరం పడలేదు? మా అమ్మమ్మ వాళ్ల అమ్మ కట్టెల పొయ్యి మీద వండింది. కట్టెలు పెరట్లో కళ్ల ముందే ఉంటాయి. తగ్గితే కనపడుతుంది. ఆ తర్వాత కిరసనాయిలు స్టవ్వు వచ్చింది. మా తెలంగాణలో కిరసనాయిల్ని చాలామంది గ్యాసు నూనె అనేవాళ్లు, అది వేరే తమాషా. ఆ నూనె డబ్బా పట్టుకుని ఊపితే ఎంతుందో చేతికి తెలిసిపోయేది. గ్యాస్ బండ అలా కాదు. మందపాటి ఇనుము, లోపల ఏముందో కంటికి కనపడదు. ఖాళీ బండే పదిహేను కిలోలు పైన ఉంటుంది కాబట్టి ఊపి చూడటం కూడా అంత తేలిక కాదు. వంటింట్లోకి మొదటిసారి ఒక చూడలేని ఇంధనం వచ్చింది. చూడలేనిదాన్ని లెక్క పెట్టుకోవాలి, లెక్కకి తేదీ కావాలి. ఆ సున్నా పుట్టింది అక్కడే అని నా అభిప్రాయం.

మన దేశంలో వంట గ్యాస్ అమ్మకం 1950ల మధ్యలో బొంబాయిలో మొదలైంది. బర్మా షెల్ అనే విదేశీ కంపెనీ బర్షేన్ అనే పేరుతో అమ్మింది. 1965లో ఇండియన్ ఆయిల్ కలకత్తాలో ఇండేన్ తెచ్చింది. 1970లలో విదేశీ కంపెనీలు ప్రభుత్వం చేతికి వచ్చాయి, అలా ఇవాళ మనకి తెలిసిన హెచ్‌పీ, భారత్ గ్యాస్ తయారయ్యాయి. కానీ కనెక్షన్ కావాలంటే పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. ఫోనుకి, స్కూటర్‌కి ఎలా క్యూ ఉండేదో గ్యాస్‌కీ అలాగే. మా తాతయ్యకి 1980ల్లో కనెక్షన్ వచ్చినప్పుడు వీధిలో స్వీట్లు పంచారట. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద మహిళా సంఘాల వాళ్లకి డిపాజిట్ ప్రభుత్వమే కట్టి కనెక్షన్లు ఇచ్చాక ఊళ్లలోకి కూడా బాగా వెళ్లింది.

కనెక్షన్ వచ్చాక అసలు కష్టం బండ అయిపోయిన రోజు. ఒకటే బండ ఉన్న ఇంట్లో అది అయిపోతే కొత్తది వచ్చేదాకా పొయ్యి ఆగినట్టే. పైగా ఒక బండకీ ఇంకో బండకీ మధ్య 21 రోజులు దాటితే కానీ ఏజెన్సీ బుకింగ్ తీసుకోని రోజులు ఉన్నాయి. బుకింగ్ అంటే ఏజెన్సీకి వెళ్లి, నీలం పుస్తకంలో ఎంట్రీ వేయించుకుని, సీరియల్ నంబర్ తెచ్చుకోవడం. అందుకే రెండో బండ ఉన్న ఇల్లంటే గొప్ప. అమ్మమ్మ రూల్ ఒక్కటే: కొత్త బండ పొయ్యికి తగిలించిన పూటే ఖాళీ బండకి బుకింగ్ రాయించాలి. మొదటి పూట అన్నం ఉడికేలోపే తాతయ్య చెప్పులు వేసుకునేవాడు.

ఇప్పుడు ఆ క్యాలెండర్ల లెక్కలోకి వద్దాం, ఎందుకంటే అసలు కథ అక్కడుంది.

నేను సున్నాల మధ్య రోజులు లెక్కపెట్టాను. 2010, 2011లో సగటున 42 రోజులు. ఇంట్లో ఆరుగురు: అమ్మమ్మ, తాతయ్య, మామయ్య, అత్తయ్య, ఇద్దరు పిల్లలు. బండలో గ్యాస్ 14.2 కిలోలు. దాన్ని 42 రోజులకి పంచితే రోజుకి దాదాపు 340 గ్రాములు. ఏడాదికి తొమ్మిది బండల కంటే కొంచెం తక్కువ. ఇంట్లో రెండు కనెక్షన్లు ఉండేవి, తాతయ్య పేరు మీద ఒకటి, మామయ్య పేరు మీద ఒకటి. వంటిల్లు మాత్రం ఒకటే.

2012 సెప్టెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం ఒక నిర్ణయం తీసుకుంది. సబ్సిడీ ధరకి ఇంటికి ఏడాదికి ఆరు బండలే. ఏప్రిల్ నుంచి మార్చి లెక్క కాబట్టి, ఆ ఏడాదిలో మిగిలిన కాలానికి మూడు. ఆపైన కావాలంటే మార్కెట్ రేటు, అది చాలా ఎక్కువ. దానితోపాటే ఒక ఇంటికి ఒక కనెక్షనే ఉండాలని ఏరివేత మొదలైంది. ఇల్లు అంటే ఏంటి? ఒకే వంటిల్లు వాడే కుటుంబం. అదే చిరునామాలో రెండు కనెక్షన్లుంటే, వంటిళ్లు వేరని చూపించాలి, లేకపోతే ఒకటి వదులుకోవాలి.

మామయ్య అన్నాడట, "అమ్మా, వరండాలో ఒక స్టవ్వు పెడదాం, రెండు వంటిళ్లు అని రాసిద్దాం." అలా రాసినవాళ్లు వీధిలో ఉన్నారు కూడా. అత్తయ్య చెప్పిన మాట ప్రకారం అమ్మమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "కాగితం మీద వేరు పడితే రేపు నిజంగానే వేరు పడతారురా, వద్దు" అంది. మామయ్య కనెక్షన్ వెనక్కి ఇచ్చేశారు.

ఇప్పుడు చూడండి. సెప్టెంబర్ మధ్య నుంచి మార్చి ఆఖరు దాకా 198 రోజులు, మూడు బండలు. అంటే ఒక్కో బండ 66 రోజులు రావాలి. 42 రోజులు వచ్చే బండని 66 రోజులు లాగాలి! రోజుకి 340 గ్రాములు వాడే చోట 215. దసరాకి బూరెలు ఎలా? పిల్లలకి వేణ్నీళ్లు ఎలా? ఆ ఏడాది అక్టోబర్ పేజీలో ప్రతి ఆదివారం పక్కన "కట్టె" అని రాసి ఉంది. అంటే స్నానాల నీళ్లు పెరట్లో కట్టెల పొయ్యి మీద. పప్పు ముందు రాత్రే నానబెట్టడం, అన్నీ కుక్కర్‌లోనే, పొద్దున కాఫీ ఒక్కసారే కాచి ఫ్లాస్కులో పోయడం. ఇవి అత్తయ్య చెప్పినవి. అమ్మమ్మకి దగ్గు మొదలైంది ఆ చలికాలమే అని కూడా ఆవిడే చెప్పింది. కట్టెల పొగ వల్లేనా అని నేను తేల్చి చెప్పలేను. ఇంట్లో మాత్రం అందరూ అలాగే అనుకుంటారు.

2013 జనవరిలో పరిమితి ఆరు నుంచి తొమ్మిదికి పెంచారు. తొమ్మిది అంటే బండకి 40 రోజులు. సరిగ్గా మా ఇంటి లెక్క! ఫిబ్రవరి పేజీ నుంచి "కట్టె" అనే మాట మాయం. 2014 జనవరి ఆఖరులో పన్నెండుకి పెంచాలని నిర్ణయించారు, ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ లెక్క చూసుకోలేదు. మధ్యలో 2013 జూన్‌లో సబ్సిడీ డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో వేసే పద్ధతి దేశంలో పద్దెనిమిది జిల్లాల్లో మొదలైంది, అందులో హైదరాబాద్ ఒకటి. అప్పుడు తాతయ్య జీవితంలో మొదటిసారి ఎస్సెమ్మెస్ చదవడం నేర్చుకున్నాడు. బండ ఎప్పుడొచ్చింది, డబ్బు పడిందా అని. ఏజెన్సీలు ఆటోమేటిక్ ఫోన్ బుకింగ్ పెట్టాయి, తర్వాత యాప్‌లు, డెలివరీకి నాలుగంకెల కోడ్ వచ్చాయి. నెమ్మదిగా సున్నాలు పలచబడ్డాయి. 2017 క్యాలెండర్‌లో మూడే ఉన్నాయి.

కానీ ఒక మాట. ఫోన్‌లో వచ్చే మెసేజ్ మీరు బుక్ చేశారని, బండి బయల్దేరిందని చెప్తుంది. మీ బండలో ఎంత మిగిలిందో దానికి తెలియదు. ఆ లెక్క ఇప్పటికీ మనదే. ఒంటి బండతో రూమ్‌లో ఉంటున్నవాళ్ల కోసం చెప్తాను.

బండ పైన పట్టుకునే రింగు దగ్గర ఖాళీ బరువు రాసి ఉంటుంది, మీ బండకి 15.3 అని ఉందనుకోండి. నిండుగా ఉంటే దానికి 14.2 కలిపి 29.5 కిలోలు. డెలివరీ అబ్బాయి దగ్గర తూకం ఉంటుంది, అడిగి తూయించుకోండి, సిగ్గుపడొద్దు. ఇరవై రోజుల తర్వాత రెగ్యులేటర్ తీసి, క్యాప్ పెట్టి, ఒక మనిషి బరువు మిషన్ మీద నిలబెట్టండి. 22.7 వచ్చిందనుకుందాం. అంటే 6.8 కిలోలు అయిపోయింది, రోజుకి 340 గ్రాములు. ఇంకా 7.4 ఉంది, ఇరవై ఒక్క రోజులు వస్తుంది. మీ ఏరియాలో డెలివరీకి నాలుగు రోజులు పడితే, పండగలకి ఇంకో రెండు మూడు కలుపుకుని, మిగిలింది వారం రోజులకి వచ్చేలోపు బుక్ చేయాలి. అంటే మీ రిమైండర్ ఇవాళ్టి నుంచి రెండు వారాలకి.

మిషన్ లేకపోతే అమ్మమ్మ పద్ధతి ఉంది. స్టవ్వు ఆపేసి, తడి గుడ్డతో బండ చుట్టూ పై నుంచి కింద దాకా తుడవండి. రెండు మూడు నిమిషాలు చూడండి. పై భాగం ముందు ఆరిపోతుంది, కింద తడి అలాగే ఉంటుంది. లోపల ద్రవం ఉన్నంత మేర ఇనుము తొందరగా వేడెక్కదు, అందుకే తడి ఆలస్యంగా ఆరుతుంది. ఆ గీత ఎక్కడుందో అంతవరకు గ్యాస్ ఉన్నట్టు. వానాకాలం గాలిలో తేమ ఎక్కువున్న రోజుల్లో ఈ గీత సరిగ్గా కనపడదు, అది గుర్తుంచుకోండి.

బండ అయిపోవచ్చినప్పుడు వంగబెట్టి, పడుకోబెట్టి ఇంకో పూట లాగడం మాత్రం చేయకండి. నిలబెట్టినప్పుడు పైన ఆవిరి మాత్రమే పైపులోకి వస్తుంది. పడుకోబెడితే ద్రవమే వస్తుంది, స్టవ్వు దగ్గర మంట ఒక్కసారిగా ఎగుస్తుంది. వేణ్నీళ్లలో పెట్టడం కూడా అంతే ప్రమాదం. ఆఖరి రోజుల్లో గ్యాస్ వాసన కాస్త ఘాటుగా అనిపించొచ్చు, వాసన కోసం కలిపే పదార్థం అడుగున మిగిలిన దాంట్లో ఎక్కువ ఉంటుంది. "అయిపోవచ్చింది లే" అని వదిలేయకండి, లీక్ అయినా అదే వాసన. ముందు రెగ్యులేటర్ ఆపి, కిటికీలు తీయండి. స్విచ్‌లు ముట్టుకోకండి.

క్యాలెండర్లు అత్తయ్యకి ఇచ్చేశాను. ఒకటి మాత్రం నేను ఉంచుకున్నాను, 2012ది. డిసెంబర్ పేజీలో 21వ తేదీ చుట్టూ సున్నా ఉంది. అంతకుముందు సున్నా అక్టోబర్ 18న. మధ్యలో 64 రోజులు. పక్కన నీలం ఇంకుతో కాదు, పిల్లల పెన్సిల్‌తో ఒక మాట రాసి ఉంది, అది మా చెల్లి చేతిరాత: "అమ్మమ్మ గెలిచింది."