తలుపుల వరుస, తగ్గే ఎడం: ఆల్బెర్టి విమర్శ

నివాస భవనంలోని పొడవైన కారిడార్‌ను చిత్రించడంలో రెండు నియమాలున్నాయి. తలుపుల పైఅంచులూ నేల అంచులూ దూరాన ఒకే బిందువు వైపు సాగాలి. సమదూరంలో ఉన్న తలుపుల మధ్య ఎడం లోపలికి వెళ్లేకొద్దీ తగ్గాలి. మొదటి నియమం సులభం. చిక్కంతా రెండవదానిలోనే ఉంది.

లియోన్ బట్టిస్టా ఆల్బెర్టి 1435 నాటి 'దె పిక్తూరా'లో ఈ చిక్కునే చర్చించాడు. నేలపై అడ్డగీతల మధ్య ఒక్కొక్క ఎడాన్నీ ముందుదానిలో మూడింట రెండు వంతులుగా గీసే పద్ధతిని ఆయన తప్పుపట్టాడు.

ఒక ఉదాహరణ తీసుకుంటే ఆ తప్పు తేటపడుతుంది. చూపరి కంటికి 3, 6, 9, 12 మీటర్ల దూరంలో నాలుగు తలుపులు ఉన్నాయనుకుందాం. దూరం పెరిగినకొద్దీ చిత్రంలో తలుపు సంగమ బిందువుకు విలోమ నిష్పత్తిలో దగ్గరవుతుంది. మొదటి తలుపు ఆ బిందువుకు 60 సెంటీమీటర్ల ఎడంలో ఉంటే, తక్కినవి 30, 20, 15 వద్ద పడతాయి. అంటే తలుపుల మధ్య ఎడాలు 30, 10, 5. వీటి నిష్పత్తి స్థిరం కాదు. మూడింట రెండు వంతుల పద్ధతిలో ఎడాలు 30, 20, 13.3 అవుతాయి, మొత్తం 63.3. నాలుగవ తలుపు సంగమ బిందువును దాటిపోతుంది!

ఆల్బెర్టి సూచించిన పరీక్ష కర్ణరేఖ. వరుసగా కలిసిన గళ్ల మూలల గుండా ఒకే సరళరేఖ సాగాలి. కారిడార్‌లోనైతే తలుపుల మధ్య నేలభాగాల కర్ణాలన్నీ క్షితిజరేఖపై ఒకే చోట కలవాలి. త్రిమితీయ నమూనా నుంచి కంప్యూటర్ రూపొందించిన చిత్రంలో ఇది తనంతట కుదురుతుంది. చేత్తో అతికించిన తలుపు ఈ పరీక్షలో వెంటనే బయటపడుతుంది. అయితే తలుపులు వాస్తవంలోనే సమదూరంలో లేనిచోట ఈ పరీక్ష వర్తించదు.