కుంభాకార కటకం - కిరణ చిత్రం

కుంభాకార కటకం ముందు ఒక వస్తువును ఉంచినపుడు దాని ప్రతిబింబం ఎక్కడ, ఎంత పరిమాణంలో, ఏ విధంగా ఏర్పడుతుందో రేఖాగణిత పద్ధతిలో తెలుసుకొనుటకు గీసే పటాన్ని కిరణ చిత్రం అంటారు. వస్తువు నుండి అన్ని దిశలలో అసంఖ్యాకమైన కాంతి కిరణాలు బయలుదేరినా, వాటిలో మార్గం ముందుగానే తెలిసిన రెండు మూడు కిరణాలను మాత్రమే ఎన్నుకొని ఈ చిత్రాన్ని గీస్తారు. సరియైన స్కేలుతో గీసిన కిరణ చిత్రం నుండి ప్రతిబింబ దూరాన్ని, ఎత్తును నేరుగా కొలవవచ్చును.

## ప్రాథమిక అంశాలు

కటకం మధ్య బిందువును దృక్ కేంద్రం (O) అనీ, దాని గుండా కటకానికి లంబంగా పోయే సరళరేఖను ప్రధానాక్షం అనీ అంటారు. ప్రధానాక్షానికి సమాంతరంగా వచ్చే కిరణాలు వక్రీభవనం చెంది కలుసుకొనే బిందువు నాభి (F). దృక్ కేంద్రం నుండి నాభికి గల దూరం నాభ్యంతరం (f). కాంతి ఏ వైపు నుండి అయినా రావచ్చును కనుక కటకానికి రెండు వైపులా సమాన దూరంలో రెండు నాభులుంటాయి. నాభ్యంతరానికి రెట్టింపు దూరంలోని బిందువును 2F అని గుర్తిస్తారు.

2F బిందువును కొన్ని చోట్ల వక్రతా కేంద్రంగా చూపుతారు. ఇది గోళాకార దర్పణాలకు చెల్లుతుంది గాని కటకాలకు సాధారణంగా చెల్లదు. ఉదాహరణకు రెండు తలాలూ సమాన వక్రత కలిగి, వక్రీభవన గుణకం 1.5 గల పలుచని గాజు కటకానికి గాలిలో నాభ్యంతరం వక్రతా వ్యాసార్ధానికి సమానం. అంటే దాని వక్రతా కేంద్రాలు నాభుల వద్దనే ఉంటాయి.

## మూడు ప్రధాన కిరణాలు

* ప్రధానాక్షానికి సమాంతరంగా వచ్చిన కిరణం వక్రీభవనం తరువాత అవతలి నాభి గుండా పోతుంది.
* దృక్ కేంద్రం గుండా పోయే కిరణం దిశ మారదు.
* ఇవతలి నాభి గుండా వచ్చి కటకాన్ని చేరిన కిరణం వక్రీభవనం తరువాత ప్రధానాక్షానికి సమాంతరంగా పోతుంది.

ప్రతిబింబాన్ని గుర్తించుటకు ఏవైనా రెండు కిరణాలు చాలు. మూడవది సరిచూచుటకు ఉపయోగపడుతుంది. మూడు కిరణాలూ ఒకే బిందువు వద్ద కలవకపోతే గీతలో ఎక్కడో పొరపాటు జరిగినట్లు గ్రహించాలి.

## గీసే విధానం

నాభ్యంతరం 10 సెం.మీ. గల కటకం నుండి 15 సెం.మీ. దూరంలో 2 సెం.మీ. ఎత్తు గల వస్తువు ఉన్నదనుకొందాం. అక్షం వెంబడి 2 సెం.మీ.లను కాగితంపై 1 సెం.మీ.గా తీసుకొని, ఎత్తులను ఉన్నవి ఉన్నట్లే గీయవచ్చును. అడ్డంగా, నిలువుగా వేర్వేరు స్కేళ్ళు వాడినా కిరణాలు కలిసే స్థానం మారదు. అయితే పటంలోని కోణాలు మాత్రం నిజమైన కోణాలు కావు.

1. గ్రాఫు కాగితాన్ని అడ్డంగా ఉంచి ప్రధానాక్షాన్ని గీయాలి. కటకానికి బదులుగా అక్షానికి లంబంగా, పైకీ కిందకూ 5 సెం.మీ. చొప్పున ఒక నిలువు గీత గీయాలి. వంపులన్నీ ఈ గీత వద్దనే చూపాలి.
2. రెండు వైపులా 5 సెం.మీ. వద్ద F, 10 సెం.మీ. వద్ద 2F గుర్తించాలి.
3. ఎడమవైపు 7.5 సెం.మీ. వద్ద 2 సెం.మీ. ఎత్తున వస్తువును బాణం గుర్తుగా నిలపాలి.
4. బాణం కొన నుండి అక్షానికి సమాంతరంగా కటకం గీత వరకు ఒక కిరణం గీసి, అక్కడి నుండి కుడివైపు F గుండా పొడిగించాలి.
5. కొన నుండి O గుండా రెండవ కిరణాన్ని నేరుగా గీయాలి.

ఈ రెండు కిరణాలు కుడివైపు 15 సెం.మీ. వద్ద, అక్షానికి 4 సెం.మీ. కింద కలుస్తాయి. స్కేలు ప్రకారం ప్రతిబింబ దూరం 30 సెం.మీ., ఎత్తు 4 సెం.మీ. ఇవతలి నాభి గుండా గీసిన మూడవ కిరణం కటకం గీతను అక్షానికి 4 సెం.మీ. కింద తాకి, సమాంతరంగా పోయి అదే బిందువును చేరుతుంది. ప్రతిబింబం తలక్రిందులుగా, వస్తువుకు రెండింతలుగా, నిజ ప్రతిబింబంగా ఉన్నది.

ఈ ఫలితాన్ని కటక సూత్రంతో సరిచూడవచ్చును. సంజ్ఞా సంప్రదాయం ప్రకారం వస్తుదూరం u = −15 సెం.మీ.

1/v − 1/u = 1/f

1/v = 1/10 − 1/15 = 1/30, కనుక v = 30 సెం.మీ.

## వస్తువు స్థానం మారినపుడు

ఇదే కటకం ముందు ఇదే వస్తువును వేర్వేరు దూరాలలో ఉంచినపుడు వచ్చే ఫలితాలు:

| వస్తుదూరం | ప్రతిబింబ దూరం | ఎత్తు | స్వభావం |
|---|---|---|---|
| 30 సెం.మీ. (2F కు ఆవల) | 15 సెం.మీ. | 1 సెం.మీ. | నిజ, తలక్రిందులు |
| 20 సెం.మీ. (2F వద్ద) | 20 సెం.మీ. | 2 సెం.మీ. | నిజ, తలక్రిందులు |
| 15 సెం.మీ. (F, 2F మధ్య) | 30 సెం.మీ. | 4 సెం.మీ. | నిజ, తలక్రిందులు |
| 10 సెం.మీ. (F వద్ద) | అనంత దూరం | - | కిరణాలు సమాంతరం |
| 5 సెం.మీ. (F, O మధ్య) | 10 సెం.మీ., వస్తువు వైపే | 4 సెం.మీ. | మిథ్యా, నిటారు |

వస్తువు నాభి వద్ద ఉన్నపుడు మొదటి రెండు కిరణాలు వక్రీభవనం తరువాత ఒకదానికొకటి సమాంతరంగా పోతాయి. వస్తువు సరిగ్గా నాభి మీదనే నిలబడి ఉంటుంది గనుక మూడవ కిరణాన్ని గీయుట సాధ్యం కాదు.

వస్తువు నాభికి ఇవతల ఉన్నపుడు కిరణాలు కటకాన్ని దాటిన తరువాత విడిపోతాయి. అపుడు వాటిని వస్తువు వైపు వెనుకకు చుక్కల గీతలతో పొడిగించాలి. చుక్కల గీతలు కలిసే చోట మిథ్యా ప్రతిబింబం కనిపిస్తుంది. అక్కడికి నిజంగా కాంతి చేరదు కనుక ఈ ప్రతిబింబాన్ని తెరపై పట్టలేము. భూతద్దం పనిచేసే తీరు ఇదే. ఈ సందర్భంలో మూడవ కిరణం నాభి గుండా రాదు. నాభి నుండి వస్తున్నట్లుగా, అంటే నాభిని బాణం కొనతో కలిపే రేఖ వెంబడి సాగుతుంది.

వస్తువు అనంత దూరంలో ఉంటే దానిపై ఒక బిందువు నుండి వచ్చే కిరణాలన్నీ ఒకదానికొకటి సమాంతరంగా కటకాన్ని చేరి, నాభి గుండా అక్షానికి లంబంగా ఉండే తలంలో కలుస్తాయి.

## సాధారణంగా జరిగే పొరపాట్లు

వస్తువు నాభికి దగ్గరైన కొద్దీ రెండు కిరణాలు దాదాపు సమాంతరమై, అవి కలిసే చోటును గుర్తించుట కష్టమవుతుంది. పై కటకానికి వస్తుదూరం 12.5 సెం.మీ. అయితే ప్రతిబింబం 50 సెం.మీ. వద్ద, 12 సెం.మీ. అయితే 60 సెం.మీ. వద్ద ఏర్పడుతుంది. వస్తువు స్థానంలో అర సెంటీమీటరు తేడా ప్రతిబింబాన్ని 10 సెం.మీ. జరుపుతుంది. కాబట్టి ఇటువంటి చోట సన్నని పెన్సిలు వాడినా కొలతను సూత్రంతో సరిచూచుకోవాలి.

వస్తువు కటకం కన్నా ఎత్తుగా ఉంటే సమాంతర కిరణం కటకానికి తగలదు. అయినా కటకం గీతను పొడిగించి కిరణం గీయవచ్చును. ఆ కిరణం నిజంగా లేకపోయినా, కటకం గుండా పోయే మిగిలిన కిరణాలు చేరే బిందువును అది సరిగానే చూపుతుంది.

కటకంలో సగభాగాన్ని నల్ల కాగితంతో మూస్తే ప్రతిబింబంలో సగం మాయమవుతుందని పలువురు భావిస్తారు. ఇది నిజం కాదు. వస్తువుపై ప్రతి బిందువు నుండి కాంతి కటకమంతటా పడుతుంది. మిగిలిన సగం గుండా పోయిన కిరణాలే పూర్తి ప్రతిబింబాన్ని ఏర్పరుస్తాయి. దాని కాంతి మాత్రమే తగ్గుతుంది.

## పరిమితులు

ఈ పద్ధతి పలుచని కటకాలకు, ప్రధానాక్షానికి దగ్గరగా, దానితో చిన్న కోణం చేస్తూ పోయే కిరణాలకు వర్తిస్తుంది. నిజమైన గోళాకార కటకంలో అంచుల గుండా పోయే కిరణాలు మధ్యభాగపు కిరణాల కన్నా కొంచెం దగ్గరగా అక్షాన్ని చేరుతాయి. దీనిని గోళీయ విపథనం అంటారు. అలాగే నీలి కాంతికి నాభ్యంతరం ఎరుపు కాంతి కన్నా కొంచెం తక్కువ. అందువలన తెల్లని వస్తువు ప్రతిబింబం అంచులలో రంగులు కనిపించవచ్చును. ఒకే నాభితో గీసిన కిరణ చిత్రం ఈ రెండు దోషాలనూ చూపదు.

## ఇవి కూడా చూడండి

* కటకం
* వక్రీభవనం
* భూతద్దం